నెలలు నిండిన బిడ్డకు కంగారూ కేర్: సిజేరియన్ రోజు, తర్వాతి రోజులు

ప్రశ్న: మాకు మొదటి బిడ్డ. వచ్చే వారం సిజేరియన్‌కు డేట్ ఇచ్చారు, అప్పటికి 39 వారాలు నిండుతాయి. స్కాన్‌లో బరువు 3 కిలోల పైనే ఉంది. పుట్టగానే బిడ్డను తల్లి ఛాతీ మీద పడుకోబెడతామని ఆస్పత్రిలో అన్నారు. ఇది నెల తక్కువ పిల్లలకు చేసేది కదా, మా బిడ్డకు అవసరమా? ముక్కు మూసుకుపోతుందేమోనని నా భార్యకు ఒకటే టెన్షన్. ఆపరేషన్ తర్వాత తనకు వీలు కాకపోతే నేను పెట్టుకోవచ్చా? ఇంటికొచ్చాక ఎలా చేయాలి?

జవాబు:

చాలా ఏళ్లుగా కాన్పుల గదిలోనూ, బాలింతల వార్డులోనూ నర్సుగా పనిచేస్తున్నాను. మీ భార్య టెన్షన్ పడుతున్నది సరైన విషయం గురించే, అందుకే దానికి ఎక్కువ చోటు ఇస్తాను. ముందు మీ మొదటి సందేహం.

బిడ్డను ఒంటికి ఒళ్లు తగిలేలా ఛాతీ మీద ఉంచే ఈ కంగారూ కేర్ పుట్టింది నెల తక్కువ పిల్లల కోసమే. 1978లో కొలంబియా రాజధాని బొగొటాలో ఎడ్గర్ రే అనే డాక్టరు మొదలుపెట్టారు. ఇంక్యుబేటర్లు చాలక, తల్లి ఒంటి వేడినే వాడుకున్నారు. ఆ పిల్లల్ని గుడ్డతో తల్లి ఛాతీకి కట్టి, రోజులో ఎక్కువ గంటలు అలాగే ఉంచుతారు. నెలలు నిండి ఆరోగ్యంగా పుట్టిన బిడ్డకు అంత అక్కర్లేదు. పుట్టిన వెంటనే కనీసం ఒక గంట పాటు మధ్యలో తీయకుండా తల్లి ఒంటిమీద ఉంచడం, తర్వాతి రోజుల్లో వీలైనప్పుడల్లా పెట్టుకోవడం, ఇంతే. తల్లిపాల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ ఆస్పత్రులకు చెప్పే పది సూత్రాల్లో నాలుగోది ఇదే. బరువు ఎంతన్నది అందులో లెక్క కాదు.

లాభాల గురించి నెట్‌లో కనపడేవన్నీ నమ్మకండి. తెలివితేటలు పెరుగుతాయని, పెద్దయ్యాక ప్రవర్తన బాగుంటుందని చెప్పేవాళ్లు చూపించే పరిశోధన బొగొటాలో తక్కువ బరువుతో పుట్టిన పిల్లల్ని ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ పరీక్షించి చేసింది. దాన్ని తెచ్చి 3 కిలోల బిడ్డకు అంటగట్టడం సరికాదు. నెలలు నిండిన పిల్లల విషయంలో గట్టిగా చెప్పగలిగేవి కొన్నే. వైద్య పరిశోధనల్ని పరిశీలించే కోక్రేన్ సంస్థ 2016లో 46 ప్రయోగాల్ని కలిపి చూసినప్పుడు, పుట్టగానే తల్లి ఒంటిమీద ఉన్న పిల్లలు ఒకటి నుంచి నాలుగు నెలల వయసులో తల్లిపాలు తాగుతూ ఉండే అవకాశం సుమారు నాలుగో వంతు ఎక్కువగా కనిపించింది. రక్తంలో చక్కెర డెసిలీటరుకు సగటున 10 మిల్లీగ్రాముల దాకా ఎక్కువ ఉంది. ఏడుపు తగ్గుతుంది. మడమ మీద సూదితో గుచ్చి రక్తం తీసేటప్పుడు తల్లి ఛాతీ మీద ఉంటే బిడ్డ తక్కువ ఏడుస్తుంది, ఇది మేం వార్డులో ఎప్పుడూ చూసేదే.

చక్కెర సంగతి కొంచెం విడమరచి చెప్పాలి. బొడ్డుతాడు కత్తిరించగానే తల్లి నుంచి వచ్చే చక్కెర ఆగిపోతుంది. పుట్టిన తర్వాత ఒకటి రెండు గంటల్లో బిడ్డ రక్తంలో చక్కెర అన్నిటికన్నా కిందికి దిగుతుంది. అదే సమయంలో బిడ్డ తడి ఒంటితో చల్లటి గదిలోకి వచ్చి ఉంటుంది. పసిపిల్లలు మనలా వణికి వేడి పుట్టించుకోలేరు. మెడ చుట్టూ, భుజాల మధ్య ఉండే ఒక ప్రత్యేకమైన కొవ్వును కరిగించుకుని వేడి తెచ్చుకుంటారు. దానికి చక్కెరా, ఆక్సిజనూ రెండూ ఖర్చవుతాయి. ఏడుపు ఇంకో ఖర్చు. తల్లి ఒంటిమీద ఉన్న బిడ్డకు వేడి బయటినుంచి అందుతుంది, ఏడుపు ఆగుతుంది, ఉన్న చక్కెర నిలుస్తుంది. ఆరోగ్యంగా పుట్టిన బిడ్డకు కూడా ఆ గంట పనికొచ్చేది ఇందుకే.

పాల సంగతీ అంతే. ఎవరూ కదపకుండా వదిలేస్తే బిడ్డ తనంతట తనే రొమ్ము దగ్గరికి చేరుతుంది. మొదట ఏడుస్తుంది, తర్వాత ఒళ్లు వదులుచేసి కాసేపు కదలకుండా ఉంటుంది, కళ్లు తెరుస్తుంది, చేతులు నోట్లో పెట్టుకుంటుంది, మధ్యలో ఆగి అలుపు తీర్చుకుంటుంది, కాళ్లతో తన్నుకుంటూ కొంచెం కొంచెం జరుగుతుంది, చనుమొనను నాకి చూస్తుంది, చివరికి పట్టుకుంటుంది. తాగాక నిద్రపోతుంది. మొత్తం పూర్తవడానికి గంటో, అంతకన్నా కాస్త ఎక్కువో పడుతుంది. మధ్యలో బరువు చూడటానికి తీస్తే చాలామంది పిల్లలు మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతారు. బరువు, కొలతలు, విటమిన్ కె ఇంజెక్షన్ ఇవన్నీ గంట ఆగొచ్చు. పుట్టిన 1వ నిమిషం, 5వ నిమిషం బిడ్డ గుండె, ఊపిరి, రంగు వగైరా చూసే అప్గార్ పరీక్షను బిడ్డ తల్లి మీద ఉండగానే చేయొచ్చు. బిడ్డ అరచేతుల్ని మాత్రం తుడవొద్దని చెప్పండి. ఉమ్మనీటి వాసనకూ, చనుమొన దగ్గరి వాసనకూ పోలిక ఉంటుంది, చేతులు నోట్లో పెట్టుకుంటూ దాన్ని పట్టుకునే బిడ్డ దారి వెతుక్కుంటుంది.

ఇక భయం సంగతి. ఆరోగ్యంగా పుట్టి, బాగా ఏడ్చి, రంగు బాగున్న బిడ్డ ఉన్నట్టుండి ఊపిరి ఆపేసి మెత్తబడిపోవడం చాలా అరుదు, కానీ జరుగుతుంది. ఎక్కువగా మొదటి రెండు గంటల్లోనూ, ఆ తర్వాత మొదటి వారంలోనూ. నమోదైన కేసుల్లో మళ్లీ మళ్లీ కనిపించేవి దాదాపు ఒకటే: మొదటి కాన్పు, బిడ్డ బోర్లా పడుకుని ఉండటం, ముఖం కనపడకపోవడం, తల్లీ బిడ్డా ఒంటరిగా ఉండటం, తల్లి నిద్రలోకి జారడం లేదా ఫోన్ చూస్తూ ఉండటం. ఫోన్ మాట నేను కలిపింది కాదు, ఇలాంటి ఘటనల మీద స్వీడన్‌లో చేసిన అధ్యయనంలోనే ఉంది.

కారణం మెడలో ఉంది. పసిబిడ్డ తల పెద్దది, వెనక భాగం ఉబ్బుగా ఉంటుంది, మెడకు బలం ఉండదు. శ్వాసనాళం సన్నగా, మెత్తగా ఉంటుంది. గడ్డం వంగి ఛాతీకి ఆనిందంటే నీళ్ల పైపును మడిచినట్టే, గాలి వెళ్లే దారి మూసుకుపోతుంది. అప్పుడు ముక్కు మీద ఏమీ లేకపోయినా ఊపిరి అందదు, పైగా చప్పుడు కూడా రాదు. ఏడవాలంటే గాలి కావాలి కదా. కాబట్టి మీ భార్య ముక్కు గురించి భయపడుతుంటే, దానితోపాటు మెడను కూడా చూడమని చెప్పండి. మొదటిసారి పాలు తాగేటప్పుడూ, తాగిన తర్వాతా బాగా జాగ్రత్తగా ఉండాలి.  తాగాక గాఢ నిద్రలోకి వెళ్తుంది. పాలివ్వడంతో తల్లికి కూడా మత్తుగా నిద్ర ముంచుకొస్తుంది, సిజేరియన్ అయితే నొప్పి మందులు దానికి తోడవుతాయి. ఇద్దరూ ఒకేసారి నిద్రలోకి జారే సమయం అది. గదిలో ఉన్నవాళ్లేమో అంతా బాగానే ఉంది కదా అని బయటికి వెళ్లేది కూడా సరిగ్గా అప్పుడే.

ఇప్పుడు పడుకోబెట్టే పద్ధతి. తల్లి వెల్లకిలా చదునుగా పడుకోకూడదు, నిటారుగానూ కూర్చోకూడదు. చదునుగా ఉంటే బిడ్డ పూర్తిగా బోర్లా పడుతుంది. నిటారుగా ఉంటే కిందికి జారి మెడ ముడుచుకుంటుంది. మంచం తల వైపు 30 నుంచి 45 డిగ్రీల దాకా లేపి, వెనక్కి ఆనుకోవాలి. బిడ్డ ఛాతీ తల్లి ఛాతీకి ఆనాలి, భుజాలు చదునుగా ఉండాలి, కాళ్లు కప్ప కాళ్లలా మడిచి ఉండాలి. తల ఒక పక్కకు తిరిగి ఉండాలి. గడ్డం కొంచెం పైకి ఉండాలి, వాసన చూడటానికి ముఖం ముందుకు చాచినట్టు. గడ్డానికీ ఛాతీకీ మధ్య మీ వేలు సులువుగా దూరితే మెడ సరిగా ఉన్నట్టే. దుప్పటి వీపు మీద భుజాల దాకా మాత్రమే కప్పాలి. తల్లి తల వంచకుండానే బిడ్డ ముక్కూ నోరూ కనపడాలి, కనపడకపోతే ఆ పొజిషన్ తప్పు. బిడ్డ తలను ఎవరూ చేత్తో రొమ్ముకు అదిమి పట్టకూడదు. ముక్కు ఆనితే తనే తల వెనక్కి తీసుకుంటుంది, ఆ వీలును మన చెయ్యి అడ్డుకోకూడదు.

మీ సిజేరియన్ రోజు ఎలా సాగుతుందో ఊహకు అందేలా ఒక జంట సంగతి చెప్తాను. వాళ్లది కూడా మొదటి బిడ్డ, ముందే అనుకున్న ఆపరేషన్, వెన్నుకు మత్తు. బిడ్డ 3.1 కిలోలు, బయటికి రాగానే ఏడ్చాడు. బొడ్డుతాడు ఒక నిమిషం ఆగి కత్తిరించారు. అరచేతులు తప్ప ఒళ్లంతా పొడిగా తుడిచి, తడి గుడ్డ తీసేసి, తల్లి ఛాతీ మీద అడ్డంగా పడుకోబెట్టాం, ఆపరేషన్ తెర ఉంటుంది కనుక నిలువుగా కుదరదు. పది నిమిషాలు గడిచాక ఆమెకు బీపీ తగ్గి వాంతి వచ్చేలా ఉందంది, చేతులు వణుకుతున్నాయి. అలాంటప్పుడు మొండికేయకూడదు. బిడ్డను తీసి చూస్తే ఒంటి వేడి 36.3 డిగ్రీలు సెల్సియస్. ఉండాల్సింది 36.5 నుంచి 37.5. పక్క గదిలో తండ్రి చొక్కా విప్పి, వెనక్కి వాలిన కుర్చీలో కూర్చున్నాడు. బిడ్డను అతని ఛాతీ మీద పెట్టి, పొడి టోపీ, వీపు మీద వెచ్చటి దుప్పటి వేశాం. ఏడుపు వెంటనే తగ్గింది. అరగంట తర్వాత వేడి 36.8. తల్లి రికవరీకి వచ్చాక మళ్లీ ఆమె మీదకు మార్చాం, ఈసారి నిలువుగా, కుట్ల మీద కాళ్లు పడకుండా కాస్త పక్కకు. మొదటి గంట దాటింది, అయినా బిడ్డ మళ్లీ చేతులు నాకడం మొదలుపెట్టి, నెమ్మదిగా రొమ్ము పట్టుకున్నాడు. మీరు అడిగారు కదా, తండ్రి పెట్టుకోవచ్చా అని. వేడి విషయంలో, ఏడుపు ఆపడంలో తండ్రి ఒళ్లు బాగా పనికొస్తుంది. ఛాతీ మీద వెంట్రుకలుంటే ఏమీ కాదు. పాలివ్వడం ఒక్కటే తండ్రి చేయలేనిది.

అదే జంట, అదే రోజు రాత్రి. రౌండ్‌కు వెళ్తే గదిలో లైటు ఆర్పేసి ఉంది. తండ్రి సోఫాలో నిద్ర. తల్లి పాలిచ్చాక అలాగే కళ్లు మూసింది, నొప్పి మందు వేసి ఎంతోసేపు కాలేదు. బిడ్డ ఆమె ఛాతీ మీంచి కిందికి జారి గడ్డం ఛాతీకి ఆనేలా ముడుచుకుని ఉన్నాడు, దుప్పటి చెవుల దాకా వచ్చేసింది. టార్చ్ వేసి చూస్తే పెదాలు గులాబీ రంగులోనే ఉన్నాయి, ఊపిరి ఆడుతోంది, అరికాలు మీద గీరితే కాలు లాక్కున్నాడు. ఏ హానీ జరగలేదు. తీసి పక్కనున్న తొట్టిలో వెల్లకిలా పడుకోబెట్టి, తండ్రిని లేపి ఒక్క మాట చెప్పాను: బిడ్డ ఒంటిమీద ఉన్నంతసేపూ మీ ఇద్దరిలో ఒకరు మేలుకుని ఉండాలి, ఇద్దరికీ నిద్ర వస్తే బిడ్డ తొట్టిలో ఉండాలి. మరుసటి రోజు నుంచి ఆయన వంతు వేసుకున్నాడు. ఆస్పత్రిలో మీ అసలు పని కూడా ఇదే అనుకోండి. మొదటి రెండు గంటలూ ఫోన్ పక్కన పెట్టి ముఖం, మెడ చూస్తూ ఉండండి. ఫొటోలు రెండు తీసుకుంటే చాలు.

ఏం చూడాలంటే మూడు: రంగు, ఊపిరి, ఒంటి బిగువు. మొదటి రోజు అరచేతులు, పాదాలు నీలంగా ఉండటం మామూలే. పెదాలు, నాలుక నీలంగానో బూడిద రంగులోనో మారితే అది మామూలు కాదు. ఊపిరి నిమిషానికి 30 నుంచి 60 సార్లు ఉంటుంది, మధ్యలో కొన్ని క్షణాలు ఆగి మళ్లీ మొదలవ్వడం మామూలే, అందుకే ఒక నిమిషం మొత్తం లెక్కపెట్టాలి. ప్రతి శ్వాసకూ మూలుగు వస్తున్నా, ముక్కుపుటాలు విచ్చుకుంటున్నా, డొక్కలు లోపలికి లాగుతున్నా నర్సును పిలవండి. నిద్రపోయే బిడ్డ చెయ్యి ఎత్తి వదిలితే మెల్లగా ముడుచుకోవాలి. గుడ్డపీలికలా కింద పడిపోయి, అరికాలు మీద తట్టినా స్పందన లేకపోతే ఆలస్యం చేయకండి. బిడ్డను ఎత్తి గట్టిగా, చదునుగా ఉన్న చోట వెల్లకిలా పెట్టి, మెడ నిటారుగా చేసి, వీపు రుద్దుతూ గట్టిగా కేకేసి మనుషుల్ని పిలవాలి. ఇంట్లో అయితే వెంటనే అంబులెన్స్‌కు ఫోన్ చేయాలి.

కొన్ని సందర్భాల్లో ఆగాలి. పుట్టగానే బిడ్డ ఏడవకుండా మెత్తగా ఉంటే ముందు డాక్టర్లు ఊపిరి సంగతి చూడాలి. తల్లికి రక్తస్రావం ఎక్కువైనా, మాటలు ముద్దముద్దగా వస్తున్నా, మత్తు మందు వల్ల కళ్లు నిలవకపోయినా బిడ్డను తండ్రికిచ్చేయడమే మేలు. ఛాతీ మీద, రొమ్ము మీద హెర్పిస్ పొక్కులుంటే అవి బిడ్డకు తగలకూడదు, ఆ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

ఇంటికి వచ్చాక పద్ధతి సులువు. బిడ్డకు డైపర్ ఒక్కటే ఉంచండి. మీ ఛాతీ మీద గొలుసులు, పిన్నులు తీసేయండి, సెంటు, బామ్ రాసుకోకండి. మామూలుగా ఒళ్లు శుభ్రంగా ఉంటే చాలు. సిగరెట్ తాగే అలవాటుంటే, తాగి వెంటనే పెట్టుకోవద్దు. ఒక్కోసారి గంట దాకా ఉంచితే బిడ్డకు ఒక నిద్ర పూర్తవుతుంది, మధ్యలో లేపి తీయాల్సిన పని ఉండదు. రోజుకు ఇన్నిసార్లు అని రూలేమీ లేదు. పాలకు ముందు పెట్టుకుంటే, ముఖ్యంగా మొదటి వారంలో నిద్రమత్తులో ఉండి రొమ్ము పట్టని బిడ్డ మేలుకుని వెతుక్కోవడం మొదలుపెడుతుంది.

ఇంట్లో జరిగే పొరపాటు చలి కన్నా ఎక్కువగా ఉక్కపోత. మీ ఒళ్లే హీటరు, దాని మీద మళ్లీ రెండు దుప్పట్లు, టోపీ అంటే బిడ్డ మెడ వెనక చెమట పడుతుంది, బుగ్గలు ఎర్రబడతాయి. మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా పొడిగా ఉండాలి. ఆస్పత్రి చల్లదనంలో టోపీ పనికొస్తుంది కానీ ఇంట్లో, గది మరీ చల్లగా లేకపోతే, అక్కర్లేదు. కళ్ల మీదికి, ముక్కు మీదికి జారేది కూడా అదే. వేడి 37.5 దాటితే ఒక పొర తీసి పావుగంట తర్వాత మళ్లీ చూడండి. 38 డిగ్రీలు వచ్చిందంటే మాత్రం దుప్పట్ల వల్లేనని సర్దిచెప్పుకోకుండా వెంటనే డాక్టరుకు చూపించాలి, ఈ వయసులో అది ఇన్ఫెక్షన్ కావచ్చు. 36.5 కన్నా తగ్గితే ఒంటిమీద పెట్టుకుని కప్పి, మళ్లీ చూడండి. పెరగకపోయినా, బిడ్డ పాలు పట్టకుండా మందకొడిగా ఉన్నా ఆస్పత్రికి వెళ్లాలి.

సోఫాలో, వాలు కుర్చీలో బిడ్డను ఒంటిమీద పెట్టుకుని నిద్రపోవడం అన్నిటికన్నా ప్రమాదం. బిడ్డ మీకూ మెత్తకూ మధ్య ఇరుక్కుంటుంది. రాత్రి నిద్ర ఆపుకోలేని పరిస్థితి ఉంటే, కూర్చోకముందే ఎవరో ఒకరు బిడ్డను తీసుకునే ఏర్పాటు చేసుకోండి. వంతు అయిపోగానే తొట్టిలో వెల్లకిలా, గట్టి పరుపు మీద, మెత్తలు లేకుండా పడుకోబెట్టండి. బిడ్డను గుడ్డతో మీ ఒంటికి కట్టుకుని ఇంట్లో పనులు చేయడం మొదటి రోజుల్లో వద్దంటాను. నెల తక్కువ పిల్లల వార్డులో కట్టేవాళ్లు ఎలా కట్టాలో పక్కనే ఉండి నేర్పించి, చూస్తూ ఉంటారు. వీడియో చూసి కట్టుకుంటే గుడ్డ వదులై మెడ ముడుచుకుంటుంది, మీరేమో వంటింట్లో స్టవ్ దగ్గర ఉంటారు.

ఒడి అలవాటవుతుందని ఎవరైనా అంటే పట్టించుకోకండి, ఈ వయసు బిడ్డను ఎత్తుకుంటే చెడిపోవడం అనేది లేదు. బిడ్డ పెద్దదయ్యేకొద్దీ ఒంటిమీద ఊరికే పడుకోకుండా తల ఎత్తి చూడటం, పక్కకు తోసుకోవడం మొదలుపెడుతుంది, అప్పుడు తనే మానేస్తుంది.

వచ్చే వారం లోపు ఆస్పత్రిలో మూడు విషయాలు అడిగి పెట్టుకోండి. థియేటర్‌లోనే బిడ్డను తల్లి మీద పెడతారా, రికవరీలోనా. తనకు వీలు కాకపోతే మీకు ఇస్తారా, అప్పుడు మీరు ఎక్కడ ఉండాలి. మొదటి రెండు గంటల్లో మీ పక్కన ఉండి చూసే నర్సు ఎవరు. మూడోదానికి "మేం వస్తూ పోతూ ఉంటాం" అనే జవాబు వస్తే, మీ కుటుంబంలో నిద్ర తీరి ఉన్న ఇంకొక పెద్దమనిషిని ఆ రోజుకు రమ్మని ఇప్పుడే చెప్పండి. ఆపరేషన్ ముందు రాత్రి మీరిద్దరూ సరిగా నిద్రపోరు.